వీణ సాధన: పొద్దుటి గుర్తులు, రాత్రి రాతలు

పుస్తకం మొదటి పేజీ

రోజూ 5.40కి ఫోను మోగుతుంది. మోగినప్పుడు తెర మీద కనిపించే మాటను ముందురోజు రాత్రే రాసి పెట్టుకోవాలి. నిద్రమత్తులో ఏం వాయించాలా అని వెతుక్కుంటే పది నిమిషాలు అక్కడే పోతాయి. ఆ మాటలో ఒక్క పనే ఉండాలి, అది చేతితో చేసేదై, చెవికి తెలిసేదై ఉండాలి. "బాగా సాధన చేయాలి" అని రాయకూడదు. దానికి ఎక్కడ మొదలుపెట్టాలో, ఎప్పుడు అయిందనుకోవాలో ఎవరికీ తెలియదు.

వాయించేది 35 నిమిషాలు. 6.20కి వీణ మీద గుడ్డ కప్పి లేవాలి, పాప స్కూలు బస్సు 7.10కి వస్తుంది.

రాత్రి రాసేటప్పుడు ఎంతసేపు కూర్చున్నానన్నది అక్కర్లేదు. నిన్న పలకనిది ఈరోజు ఏది పలికిందో రాయాలి. ఏదీ పలకకపోతే ఎక్కడ ఆగిందో రాయాలి.

గత శనివారం మైలాపూరులో టీచర్ గారు చెప్పినవి మూడు. జంట స్వరాల్లో రెండో స్వరానికి ఒత్తు లేదు. మోహన వర్ణంలో గాంధారం మెట్టు మీద తీగ లాగి పంచమం పలికించేటప్పుడు స్వరం కిందనే ఉండిపోతోంది. ఆ వర్ణంలోనే మొదటి సగం చివర వచ్చే ముక్తాయి స్వరం రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, తెగిపోతోంది. ఈ రెండు వారాలూ ఈ మూడే. కొత్త కీర్తన జోలికి వెళ్లను.

నవంబరు 3, సోమవారం

5.40: ముందు శ్రుతి. తంబురా పెట్టుకుని సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం, ఆ తర్వాత తాళం తీగలు మూడూ. తరువాత జంట స్వరాలు మొదటి వరుస, ఒకటి, రెండు కాలాలు మాత్రమే. రెండో "రి", రెండో "గ" గట్టిగా వినబడాలి.

రాత్రి: శ్రుతికే పదకొండు నిమిషాలు పట్టింది. సారణి తీగను బిగించే బిరడా నిలవడం లేదు, తిప్పిన చోటి నుంచి జారి వెనక్కు వస్తోంది. బిరడాకు సుద్ద రాశాక ఆగింది. జంటల్లో స స, రి రి, గ గ, మ మ వరకు ఒత్తు స్పష్టంగా ఉంది. ద ద, ని ని దగ్గర రెండూ ఒకేలా వస్తున్నాయి. పైకి పోయేకొద్దీ మెట్లు దగ్గరవుతాయి కదా, అక్కడ వేళ్లు ఇరుక్కుని మధ్యవేలు లేవడం లేదు. ఇదీ కారణమని కూర్చుని చూస్తే తప్ప తెలియలేదు. ఇన్నాళ్లూ "పై స్వరాలు నాకు రావు" అనుకున్నాను.

నవంబరు 4, మంగళవారం

5.40: ద ద, ని ని, స స. ఈ మూడు జంటలే, ఇరవై సార్లు. చూపుడువేలు కింది మెట్టు మీద కదలకుండా ఉండాలి, మధ్యవేలు పై మెట్టును తాకి లేవాలి.

రాత్రి: ద ద వచ్చింది. ని ని సగం.

నవంబరు 5, బుధవారం

5.40: గ మెట్టు మీద ప. ముందు పంచమం మెట్టు మీద ప మీటి వినాలి. తరువాత గ మెట్టు మీద తీగ లాగి అదే ప పలికించాలి. రెండూ కలిసేదాకా ముందుకు పోకూడదు. తొందర లేదు.

రాత్రి: ఈ పుస్తకంలో ఇంతవరకూ రాసిన వాటిలో ఇదే నాకు ఎక్కువ సంతోషమిచ్చిన రోజు. ఎనిమిది సార్లు లాగితే ఎనిమిదిసార్లూ స్వరం ప దాకా చేరలేదు, మధ్యలోనే నిలిచిపోయింది. వేళ్లతో లాగుతున్నందువల్ల అని అర్థమైంది, మణికట్టు కదలడమే లేదు. మోచేతిని కొంచెం కిందికి దించి, రెండు వేళ్లూ ఆనించి, మణికట్టుతో లాగాను. తొమ్మిదోసారి స్వరం పైకి పోతూ పోతూ ఒక్కచోట ఆగింది. ఆ ఆగిన చోట పక్కనున్న పంచమం తీగ, నేను ముట్టుకోకుండానే, సన్నగా మోగింది. దాన్ని వేలితో ఆపితే ఆగింది, మళ్లీ లాగితే మళ్లీ మోగింది. స్వరం సరిగ్గా పడిందని వీణే చెబుతుందని టీచర్ గారు ఎన్నోసార్లు అన్నారు. ఈరోజు స్వయంగా విన్నాను. ఇకమీదట లాగుడు సరిగ్గా ఉందా లేదా అని తెలుసుకోవడానికి ఇదే నా పరీక్ష.

ఇరవైలో ఆరుసార్లు కలిసింది. వేలి కొన మండుతోంది, కొబ్బరినూనె రాసుకున్నాను.

నవంబరు 6, గురువారం

5.40: నిన్నటిదే. గ మెట్టు మీద ప, ఇరవై సార్లు. పక్క తీగ మోగిందా లేదా, అదే లెక్క.

రాత్రి: సాధన లేదు. రాత్రంతా వాన, తెల్లవారేసరికి వేళచ్చేరిలో మా వీధి చెరువులా ఉంది. ఆయన, నేను కింది అంతస్తు వాళ్ల సామాను మెట్ల మీదికి చేర్చడంలో పొద్దు గడిచిపోయింది. వీణను కిటికీ పక్క నుంచి లోపలి గదిలోకి మార్చాను. అక్కడే ఉంచాలి, చెక్కకు తేమ మంచిది కాదు.

నవంబరు 7, శుక్రవారం

5.40: పది నిమిషాలైనా చాలు. శ్రుతి, గ మెట్టు మీద ప. అంతే.

రాత్రి: పన్నెండు నిమిషాలు కూర్చున్నాను. ఇరవైలో తొమ్మిది. ఒకరోజు మానితే వేళ్లు మరిచిపోతాయనుకున్నాను, మరిచిపోలేదు.

నవంబరు 8, శనివారం (క్లాసు)

5.40: వాయించవద్దు. రైల్లో ముక్తాయి స్వరం మనసులో పాడుకుంటూ తొడ మీద ఆది తాళం వేయాలి. ఎక్కడ తాళం తప్పితే ఆ స్వరం రాసుకోవాలి.

రాత్రి: వేళచ్చేరిలో రైలెక్కి మైలాపూరు స్టేషను తిరుమయిలై వచ్చేసరికి ముక్తాయి స్వరం పదకొండుసార్లు పాడుకున్నాను. చేతిలో వీణ లేకపోయినా తప్పింది, అదీ ఒకే చోట, తాళం రెండో చుట్టు, అంటే రెండో ఆవర్తం, ముగిసి మూడోది ఎత్తుకునే చోట. అంటే తప్పు వేళ్లది కాదు, లెక్కది. ఇది తెలుసుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

టీచర్ గారికి గ మెట్టు మీద ప వినిపించాను. ఆవిడ కళ్లు మూసుకుని రెండుసార్లు విని, "ఇప్పుడు చేరింది తల్లీ. చేరిన తర్వాత వెంటనే వదిలేయకు, అక్కడ ఒక్క క్షణం కూర్చో" అన్నారు. జంటల గురించి ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే బాగున్నట్టే.

నవంబరు 9, ఆదివారం

5.40: మోగదు. సాయంత్రం ఈమని శంకరశాస్త్రి గారి వీణావాదనం పది నిమిషాలు వినాలి. ఒక్కటే గమనించాలి: కుడిచేయి ఒకసారి మీటితే ఎడమచేయి ఎన్ని స్వరాలు పలికిస్తోంది?

రాత్రి: లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో మానేశాను, పాటలోకి వెళ్లిపోయాను. అయినా ఒకటి పట్టుకున్నాను. మీటిన శబ్దం సన్నబడుతున్నా ఆయన తొందరపడరు, ఆ మిగిలిన నాదంలోనే తీగను లాగుతారు. నేను ప్రతి స్వరానికీ మీటుతున్నాను. మా అత్తయ్య కూడా వచ్చి కూర్చుని, "మా చిన్నప్పుడు నెల్లూరులో రేడియోలో ఇట్లాగే వినేవాళ్లం" అన్నారు.

నవంబరు 10, సోమవారం

5.40: రెండో ఆవర్తం చివరి నాలుగు స్వరాలు, మూడో ఆవర్తం మొదటి నాలుగు స్వరాలు. ఈ ఎనిమిదే. మెట్రోనోము 50. ముందూ వెనుకా ఏమీ వాయించకూడదు.

రాత్రి: పదిహేను సార్లలో పన్నెండు సరిగ్గా వచ్చాయి. చిటికెన వేలు తాళం తీగను ఆలస్యంగా మీటుతోంది, తాళం ఎత్తుకునే సమం మీద పడాల్సింది అర అక్షరం వెనుక పడుతోంది. తెగినట్టు వినబడేది బహుశా దీనివల్లే.

నవంబరు 11, మంగళవారం

5.40: తాళం తీగలు మాత్రమే. ఎడమచేయి ఒడిలో పెట్టుకుని, చిటికెన వేలితో ఆది తాళం ఎనిమిది ఆవర్తాలు, మెట్రోనోము 50. తరువాత నిన్నటి ఎనిమిది స్వరాలు కలపాలి.

రాత్రి: ఎడమచేయి ఆపితే చిటికెన వేలు చక్కగా పడింది. రెండూ కలిపితే మొదట తప్పింది, ఆరోసారి నుంచి సమం మీద పడింది. 50లో నిలిచింది.

నవంబరు 12, బుధవారం

5.40: అదే ఎనిమిది స్వరాలు. 50, 56, 60. ప్రతి వేగంలో వరుసగా ఐదుసార్లు సరిగ్గా వస్తేనే పైకి పోవాలి. తప్పితే కిందికి దిగాలి.

రాత్రి: 56 వచ్చింది. 60లో నాలుగోసారి తప్పింది, దిగాను. సమయం అయిపోయింది.

నవంబరు 13, గురువారం

5.40: 60. తరువాత ముక్తాయి స్వరం మొత్తం, ఒక్కసారి మాత్రమే, రెండో కాలంలో.

రాత్రి: 60 వచ్చింది. ముక్తాయి స్వరం మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా వెళ్లింది. మళ్లీ వాయించాలని చేయి లాగింది కానీ ఒక్కసారే అని రాసుకున్నాను కాబట్టి ఆపేశాను. వంటింట్లో పాల గిన్నె దగ్గర నిలబడి ఉన్న అత్తయ్య, "ఈరోజు మధ్యలో ఆగలేదేమిటే అమ్మాయ్?" అన్నారు. నేనేమీ చెప్పకముందే ఆవిడకు తెలిసింది. ఇంతకంటే నమ్మకమైన సాక్ష్యం నాకు అక్కర్లేదు.

నవంబరు 14, శుక్రవారం

5.40: శ్రుతి. జంటలు మూడు కాలాలూ. గ మెట్టు మీద ప, చేరాక ఒక్క క్షణం నిలపాలి.

రాత్రి: శ్రుతి నాలుగు నిమిషాల్లో కలిసింది, 3వ తేదీన పదకొండు. జంటలు మూడో కాలంలో ని ని ఇంకా మెత్తగానే ఉంది. గ మెట్టు మీద ప ఇరవైలో పదహారు, నిలిపినవి పదకొండు.

నవంబరు 15, శనివారం (క్లాసు)

5.40: కొత్తదేమీ వద్దు. శ్రుతి కలిపి, వర్ణం మొదటి కాలంలో ఒకసారి.

రాత్రి: టీచర్ గారి ఎదుట ముక్తాయి స్వరం రెండు కాలాలూ ఆగకుండా వచ్చింది. ఆవిడ తల ఊపారు, ఆ వెంటనే చరణం మొదటి ఎత్తుగడ స్వరం దగ్గర ఆపించారు. అక్కడ ద మెట్టు మీద పై స దాకా లాగాలట, నేను నేరుగా స మెట్టుకు పోతున్నానట. "గ, ప కలిపిన చేయే కదా, ఇదీ కలుపుతుంది" అన్నారు. తిరుగు రైల్లో కోట్టూర్‌పురం దాటేదాకా గాల్లో మణికట్టు తిప్పుతూనే ఉన్నాను.

నవంబరు 16, ఆదివారం

సాధన లేదు. రేపటి మాట ఫోనులో పెట్టాను:

5.40: ద మెట్టు మీద పై స. ముందు స మెట్టు మీద విని, తరువాత లాగాలి. మోచేయి కిందికి, మణికట్టుతో. ఇరవై సార్లు. చివర్లో ని ని జంట పదిసార్లు.