శుక్రవారం సెమినార్ ప్లాన్: 38 డిగ్రీలు 45 కంటే ఎప్పుడు ప్రమాదం?

శిరీషా, హరీ, ఇది ఒకసారి మొత్తం చదివేయండి, సగం చదివి "ఓకే" అనకండి. పోయిన సెమిస్టర్‌లో 34 స్లైడ్లు పెట్టుకుని 19వ దాని దగ్గర మేడమ్ ఆపేశారు, అసలు చెప్పాలనుకున్నది 27వ స్లైడ్‌లో ఉండిపోయింది. ఈసారి 9 స్లైడ్లే, మాట్లాడేది 13 నిమిషాలు. మనకిచ్చింది 15, ఆ తర్వాత 5 నిమిషాలు ప్రశ్నలకి. మిగిలే రెండు నిమిషాల్లో కొత్తగా ఏమీ ఇరికించొద్దు. ప్రొజెక్టర్ రాకపోవడానికి, మైకు చేతులు మారడానికి అవి ఎలాగూ పోతాయి.

టాపిక్ "వాతావరణ మార్పు - వడగాలులు" అని ఇచ్చారు కదా, అందులో మనం చెప్పేది ఒక్కటే: థర్మామీటర్‌లో పెద్ద అంకె కనబడినంత మాత్రాన అదే పెద్ద ప్రమాదం కాదు, గాలిలో తేమ కూడా కలిపి చూడాలి. దీనికి పనికిరాని స్లైడ్ ఎంత అందంగా ఉన్నా తీసేద్దాం. హరీ, నువ్వు చేసిన ధ్రువపు ఎలుగుబంటి స్లైడ్ గురించే చెబుతున్నా, కోప్పడకు.

మొదటి మూడు స్లైడ్లు నావి. ఒకటో స్లైడ్ టైటిల్, 20 సెకన్లు, పేర్లు చెప్పి వెళ్లిపోతా. రెండోది ఒకటిన్నర నిమిషం, తెర మీద మట్టికుండ ఫోటో ఒక్కటే, అక్షరం ఉండదు. మే నెలలో కుండలో నీళ్లు చల్లగా ఉంటాయి, అదే కుండలో వానాకాలంలో అంతగా చల్లబడవు, ఎందుకు అని అడుగుతా. కుండ గోడల్లోంచి ఊరిన తడి ఆవిరైపోతూ లోపలి వేడిని తీసుకుపోతుంది, బయట గాలి ముందే తేమతో నిండి ఉంటే ఆ ఆవిరవడం మందగిస్తుంది. మన చెమట పనిచేసేదీ అలాగే. ఇంట్లో అమ్మమ్మకి కూడా తెలిసిన విషయం కాబట్టి హాల్లో ఎవరూ తలదించుకుని ఫోన్ చూడరు అని నా నమ్మకం.

మూడోదే మన గుండెకాయ, దీనికి రెండున్నర నిమిషాలు. తెర మీద రెండు గడులే ఉంటాయి. ఎడమవైపు 45 డిగ్రీలు, తేమ 15 శాతం. కుడివైపు 38 డిగ్రీలు, తేమ 55 శాతం. మొదటిది రామగుండం వైపు పొడి ఎండ లాంటిది, రెండోది తీరంలో ఉక్కపోత లాంటిది. ఏది ఎక్కువ ప్రమాదమో చేతులెత్తమంటా. తర్వాత క్లిక్ చేస్తే కింద వెట్ బల్బ్ ఉష్ణోగ్రత వస్తుంది: ఎడమ 24, కుడి 30. ఇవి స్టల్ సూత్రంతో నేను లెక్కగట్టినవి, ఎక్కడా కొలిచినవి కావు, ఆ మాట స్లైడ్ మీదే చిన్నగా రాసి ఉంటుంది. అడిగినప్పుడు తడబడటం కన్నా ముందే చెప్పేయడం నయం.

హరీ, నేను మొదలుపెట్టగానే నువ్వు రెండు థర్మామీటర్లు ఫ్యాన్ ముందు పెట్టాలి, ఒకదాని బల్బుకి తడి దూది చుట్టి. మూడో స్లైడ్ ముగిసే సమయానికి నాలుగు నిమిషాలవుతుంది, రెండు రీడింగులూ బోర్డు మీద రాసేయ్. తడి దూది ఉన్నది తక్కువ చూపిస్తుంది, అదే వెట్ బల్బ్ అంటే. ముందురోజు అదే హాల్లో ఒకసారి చేసి చూడాలి, ఏసీ ఉన్న గది కాబట్టి తేడా ఎంతొస్తుందో తెలియదు.

నాలుగు, ఐదు, ఆరు శిరీషవి, ఒక్కోటి ఒకటిన్నర నిమిషం. నాలుగులో శరీరం: చర్మం దాదాపు 35 డిగ్రీలుంటుంది, గాలి అంతకంటే వేడెక్కితే ఇక చెమట ఆరడమే దిక్కు. అందుకే వెట్ బల్బ్ 35ని సైద్ధాంతిక హద్దుగా చెబుతారు, అయితే అంతకు చాలా ముందే పెద్దవాళ్లు, ఎండలో పనిచేసేవాళ్లు దెబ్బతింటారు. ఐదులో ఐఎండీ నిబంధనలు. మైదానంలో గరిష్ఠం కనీసం 40, తీరంలో కనీసం 37 ఉండి, మామూలుకంటే 4.5 డిగ్రీలు లేదా అంతకన్నా ఎక్కువ పెరిగితే వడగాలి. మైదానంలో నేరుగా 45 తాకితే వడగాలి, 47 తాకితే తీవ్రం. ఈ పట్టిక మొత్తం చదవొద్దు శిరీషా, తీరానికి హద్దు తక్కువ పెట్టారు, అయినా లెక్కలో తేమ లేదు, ఈ రెండు ముక్కలు చాలు. ఆరులో 2015 మే: దేశంలో రెండు వేలకు పైగా మంది చనిపోయారు, అందులో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే. అంకె చెప్పి ఒక్క క్షణం ఆగు, వెంటనే తర్వాతి స్లైడ్‌కి దూకకు.

ఏడు, ఎనిమిది, తొమ్మిది హరివి. ఏడులో (ఒకటిన్నర నిమిషం) ఐపీసీసీ ఆరో నివేదిక నుంచి ఒకే బార్ గ్రాఫ్: పారిశ్రామిక యుగానికి ముందు పదేళ్లకోసారి వచ్చే తీవ్రమైన వేడి, ఒక డిగ్రీ పెరిగిన భూమి మీద 2.8 సార్లు, ఒకటిన్నర పెరిగితే 4.1, రెండు పెరిగితే 5.6 సార్లు. ఇది ప్రపంచంలోని నేల మొత్తానికి సగటు, మన జిల్లాకి కాదు. 2015ని వాతావరణ మార్పే తెచ్చింది అని మాత్రం నోరు జారకు, అలాంటివి వచ్చే అవకాశం పెరుగుతోంది అనేంతవరకే మన దగ్గర ఆధారం. ఎనిమిదికి రెండు నిమిషాలు, ఏం చేస్తున్నారన్నది: 2010 వేసవి దెబ్బ తర్వాత అహ్మదాబాద్ 2013లో తెచ్చిన హీట్ యాక్షన్ ప్లాన్, తెలంగాణ 2023 కూల్ రూఫ్ విధానం. తొమ్మిదికి 40 సెకన్లు, మూడో స్లైడే మళ్లీ, ఈసారి జవాబుతో సహా. ప్రశ్నలు అయిపోయేదాకా అదే తెర మీద ఉండాలి. "థాంక్యూ" స్లైడ్ వద్దు, నోటితో చెబుదాం.

టైమ్ చూసేది మాట్లాడనివాళ్లు. నేను 4:20కి, శిరీష 8:50కి అయిపోవాలి. శిరీష దగ్గరే 9:30 దాటితే ఏడో స్లైడ్‌ని ఒక్క వాక్యంలో చెప్పేసి ఎనిమిదికి వెళ్లిపో హరీ, కంగారుగా స్పీడ్ పెంచితే ఎవరికీ అర్థం కాదు.

తప్పకుండా వచ్చే ప్రశ్న: "అయితే 45 ప్రమాదం కాదా?" కచ్చితంగా ప్రమాదమే, నేరుగా తగిలే ఎండ ఉంది, నీరు వేగంగా తగ్గిపోతుంది, తాగకపోతే చెమట పట్టడానికే ఏమీ మిగలదు. ఇది శిరీష చెబుతుంది. "మరి ఐఎండీ తేమని పట్టించుకోదా?" అంటే, 2023 నుంచి ప్రయోగాత్మకంగా హీట్ ఇండెక్స్ ఇస్తోంది అని నేను చెబుతా.

పోస్టర్ ఏ1 సైజు, నిలువుగా, పైన ఇదే ప్రశ్న టైటిల్, మధ్యలో ఆ రెండు గడులు పేజీలో సగం ఆక్రమించాలి, కింద ఎడమన కుండ బొమ్మ, కుడివైపు బార్ గ్రాఫ్. మాటలు 200 దాటకూడదు. స్లైడ్లని చిన్నవి చేసి అతికిస్తే పోస్టర్ అవదు, పోయినసారి అదే చేశాం. ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన వాడొద్దు, కొందరికి తేడా కనబడదు, నారింజ, నీలం పెడదాం. ప్రింట్‌కి ఇచ్చేముందు పీడీఎఫ్ చేసి తెలుగు అక్షరాలు విరిగాయేమో చూడాలి, ముఖ్యంగా వత్తులు.

బుధవారం సాయంత్రం 5కి ల్యాబ్‌లో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని రెండుసార్లు చెప్పి చూద్దాం, గురువారం హాల్లో థర్మామీటర్లతో ఒకసారి. థర్మామీటర్లు ల్యాబ్ అటెండర్ అన్న దగ్గర సంతకం పెట్టి తీసుకోవాలి, దూది నేను తెస్తా, పెన్‌డ్రైవ్ రెండు కాపీలు శిరీష దగ్గర.