8వ తరగతి ‘బి’ సెక్షన్ విద్యార్థి ప్రవర్తనపై ప్రిన్సిపాల్ గారికి నివేదిక

హనుమకొండ,
తేదీ: 22-08-2024, గురువారం.

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,
8వ తరగతి ‘బి’ సెక్షన్ తరగతి ఉపాధ్యాయిని, గణిత ఉపాధ్యాయిని నమస్కరించి సమర్పించుకుంటున్న నివేదిక.

విషయం: రోల్ నంబరు 17 విద్యార్థి తరగతి నిర్వహణకు పదే పదే ఆటంకం కలిగించడం – జూలై 8 నుంచి ఆగస్టు 20 వరకు జరిగిన సంఘటనలు, తీసుకున్న చర్యలు, తదుపరి చర్యలకు అభ్యర్థన.

అయ్యా,

నిన్న మీరు మౌఖికంగా అడిగిన మేరకు ఈ నివేదిక రాస్తున్నాను. ఇది ఆఫీసులో నలుగురి చేతులు మారే కాగితం కాబట్టి పిల్లల పేర్లు రాయకుండా రోల్ నంబర్లే వాడాను. నేను స్వయంగా చూసినవేవో, తోటి ఉపాధ్యాయులు చెప్పినవేవో ఎక్కడికక్కడ తెలియజేశాను. తేదీలు, పీరియడ్లు నా తరగతి డైరీలో అదే రోజు రాసుకున్నవి. జ్ఞాపకం మీద ఆధారపడి రాసింది ఒక్కటే ఉంది, అది కూడా అక్కడే చెప్పాను.

సంఘటనలు

08-07-2024, సోమవారం, 3వ పీరియడ్, గణితం (నేను చూసినది). బోర్డు మీద రేఖీయ సమీకరణాల లెక్కలు మూడు రాసి, దించుకోమన్నాను. నాలుగో బెంచీలో కూర్చున్న ఈ విద్యార్థి స్టీలు స్కేలు సగం బెంచీ అంచు దాటించి, మరో సగాన్ని అరచేత్తో అదిమి, కొసను వేలితో మీటడం మొదలుపెట్టాడు. ఆ మోతకు చుట్టుపక్కల పిల్లలు నవ్వారు. రెండుసార్లు పేరు పెట్టి పిలిచి ఆపమన్నాను. ఆపి, నేను బోర్డు వైపు తిరగగానే మళ్ళీ మీటాడు. మూడోసారి స్కేలు తీసుకుని బల్ల మీద పెట్టాను. పీరియడ్ అయ్యాక నోట్‌బుక్ చూస్తే ఆ రోజు తేదీ, పాఠం పేరు తప్ప ఏమీ లేవు. లెక్కల్లో ఒక్క అంకె కూడా దించలేదు.

16-07-2024, మంగళవారం, 6వ పీరియడ్, సాంఘిక శాస్త్రం (సాంఘిక ఉపాధ్యాయుడు రాసి ఇచ్చినది). బోర్డు మీద పటం గీస్తున్నప్పుడు బల్ల మీద దరువు వేస్తూ పాట పాడాడు. నిలబడమంటే నిలబడి, దరువు గోడ మీదకు మార్చాడు. ఉపాధ్యాయుడి లెక్క ప్రకారం సుమారు పది నిమిషాల పాఠం పోయింది.

24-07-2024, బుధవారం, 3వ పీరియడ్, గణితం (నేను చూసినది కొంత, విన్నది కొంత). నేను బోర్డు మీద రాస్తుండగా చివరి బెంచీ వైపు నుంచి రబ్బరు ముక్క వచ్చి రోల్ నంబరు 5 విద్యార్థి కళ్ళజోడుకు తగిలింది. అద్దం పగల్లేదు, దెబ్బ తగల్లేదు. విసరడం నేను చూడలేదు. పక్కన కూర్చున్న ఇద్దరు పిల్లలు ఇతడే విసిరాడని విడివిడిగా చెప్పారు. అడిగితే “చెత్తబుట్టలో వేయబోయాను టీచర్” అన్నాడు. చెత్తబుట్ట తలుపు పక్కన, అంటే నంబరు 5 కూర్చునే వైపే ఉంటుంది. అది నిజమో సాకో నేను తేల్చలేను. ఇక్కడ నా తప్పు ఒకటి నమోదు కావాలి. ఆ క్షణాన కోపం ఆపుకోలేక అందరి ముందూ “నీకు బుద్ధి లేదు” అన్నాను. అలా అనకూడదు. ఇది డైరీలో రాయలేదు, జ్ఞాపకం మీద రాస్తున్నాను.

01-08-2024, గురువారం, 4వ పీరియడ్, తెలుగు (తెలుగు ఉపాధ్యాయిని చెప్పినది). రోల్ నంబరు 31 విద్యార్థికి మాట తడబడుతుందన్న సంగతి మీకు తెలిసిందే. ఆ అబ్బాయి నిలబడి పద్యం చదువుతుంటే, ఇతడు వెనక నుంచి ఒక్కో అక్షరాన్నీ అదే తీరున సాగదీసి పలికాడు. తరగతి నవ్వింది. నంబరు 31 చదవడం ఆపి కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. మర్నాడు, శుక్రవారం, బడికి రాలేదు. ఆ సాయంత్రం అతడి తల్లి నాకు ఫోను చేసి, కొడుకు ఇక బడికి వెళ్ళనంటున్నాడని చెప్పారు. ఈ ఏడింటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే.

09-08-2024, శుక్రవారం, 3వ పీరియడ్, గణితం యూనిట్ పరీక్ష (నేను చూసినది). ప్రశ్నలు బోర్డు మీద రాశాను. అయిదు నిమిషాలు గడవక ముందే జవాబు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పెన్ను మూతతో టకటకలాడించడం మొదలుపెట్టాడు. పక్కనున్న రోల్ నంబరు 9 కాగితంలోకి రెండుసార్లు తొంగిచూశాడు. కాపీ కొడుతున్నావా అని అడిగితే “ప్రశ్న కనబడలేదు టీచర్” అన్నాడు. సాకు అనుకున్నాను. కాగితం తీసుకుని బయట వరండాలో కూర్చోబెట్టాను. పరీక్షలో 20కి 2 మార్కులు వచ్చాయి.

14-08-2024, బుధవారం, మధ్యాహ్నం, ఆవరణలో స్వాతంత్ర్య దినోత్సవ సాధన (వ్యాయామ ఉపాధ్యాయుడు చూసినది). కూర్చోబోతున్న రోల్ నంబరు 12 విద్యార్థి కింద నుంచి కుర్చీ లాగాడు. నంబరు 12 కింద పడి కుడి మోచేయి గీసుకుపోయింది. ఆఫీసులో గాయం కడిగి మందు రాశారు, ఇంటికి కబురు పంపారు. ఇతడు వెంటనే క్షమాపణ చెప్పాడు. ఎవరూ అడగకముందే చెప్పాడని వ్యాయామ ఉపాధ్యాయుడు ప్రత్యేకంగా అన్నారు.

20-08-2024, మంగళవారం, 7వ పీరియడ్, విజ్ఞాన శాస్త్రం (విజ్ఞాన శాస్త్ర ఉపాధ్యాయిని చెప్పినది, నేను కొంత చూసినది). బోర్డు మీది బొమ్మ దించుకోమన్నప్పుడు, అనుమతి అడక్కుండా లేచి వెళ్ళిపోయాడు. ఇరవై అయిదు నిమిషాల తర్వాత సైకిల్ స్టాండు దగ్గర ఒంటరిగా కూర్చుని ఉండగా నేనే చూసి తీసుకువచ్చాను. ఎదురు చెప్పలేదు.

తీసుకున్న చర్యలు

జూలై 9న ఇతడిని నాలుగో బెంచీ నుంచి ఆఖరి బెంచీకి మార్చాను. పక్కవాళ్ళను నవ్వించే అవకాశం తగ్గుతుందనుకున్నాను. సంఘటనల తేదీలు వరుసగా రాసి చూస్తే, ఆ మార్పు తర్వాత తగ్గకపోగా పెరిగాయి.

జూలై 18న మధ్యాహ్న విరామంలో విడిగా కూర్చోబెట్టి మాట్లాడాను. పావుగంట సేపు తల ఎత్తలేదు. “ఇక చేయను” అన్నాడు. జూలై 25న విద్యార్థి డైరీలో తల్లిదండ్రులకు రాశాను. సంతకం లేకుండానే డైరీ తిరిగి వచ్చింది. ఆగస్టు 2న తల్లికి ఫోను చేశాను. తండ్రి లారీ మీద దూర ప్రయాణాల్లో ఉంటారనీ, తాను బట్టల దుకాణంలో పనికి వెళ్తాననీ, పగలు సెలవు దొరకడం కష్టమనీ చెప్పారు. ఆగస్టు 12న నాయనమ్మ గారు వచ్చారు. ఆమె కోపంగా రాలేదు, దిగులుగా వచ్చారు. “ఇంట్లోనూ అంతే టీచరమ్మా, టీవీకి అతుక్కుని కూర్చుంటాడు, వాళ్ళ తాత ఎంత కసిరినా వెనక్కి జరగడు” అన్నారు. ఆ మాటను ఆ రోజు అల్లరికి మరో రుజువుగానే డైరీలో రాసుకున్నాను.

ఆగస్టు 5న నంబరు 31 తిరిగి బడికి వచ్చాడు. ఆ రోజు ఇతడి చేత క్షమాపణ చెప్పించాం. తెలుగు ఉపాధ్యాయిని చొరవతో నంబరు 31 ఇప్పుడు తరగతిలో కాకుండా ఆమె ఎదుట ఒక్కడే చదువుతున్నాడు. అతడు మళ్ళీ నలుగురిలో నిలబడి చదివే రోజు వచ్చేదాకా ఈ విషయం ముగిసినట్టు నేను అనుకోవడం లేదు.

నా పరిశీలన

ఈ నివేదిక కోసం నిన్న రాత్రి డైరీ మొత్తం తిరగేశాను. ఏడు సంఘటనల్లో అయిదు, పిల్లలు బోర్డు మీద ఉన్నది చూసి రాసుకోవలసిన సమయంలోనే జరిగాయి. ఖాళీ నోట్‌బుక్, “ప్రశ్న కనబడలేదు” అన్న మాట, నాయనమ్మ గారు చెప్పిన టీవీ సంగతి, మూడూ పక్కపక్కన పెట్టి చూశాక ఈ రోజు ఉదయం చిన్న పని చేశాను. మొదటి పీరియడ్‌లో ఇతడిని ముందు బెంచీలో కూర్చోబెట్టాను. నాలుగు లెక్కలు దించుకుని, రెండు తప్పు లేకుండా చేశాడు. అల్లరి చేయలేదు. ఒక్క పీరియడ్‌తో ఏదీ రుజువు కాదు. కంటి విషయం తేల్చవలసింది వైద్యుడే తప్ప నేను కాదు.

అలాగని దృష్టి లోపం ఉన్నా అన్నింటికీ అదే సమాధానం కాదు. నంబరు 31ని వెక్కిరించడం, కుర్చీ లాగడం తెలిసి చేసిన పనులు. వాటికి అతడు జవాబుదారీ వహించాలి.

అభ్యర్థన

మొదటిది, కంటి పరీక్ష. తల్లిదండ్రుల సమ్మతితో ఈ వారంలోనే చేయించేందుకు పాఠశాల తరఫున మీరు లేఖ ఇవ్వాలని కోరుతున్నాను. ఖర్చుకు వారు వెనకాడితే ప్రభుత్వ ఆసుపత్రి కంటి విభాగానికి పంపవచ్చు. ఫలితం వచ్చేదాకా ముందు బెంచీ ఇవ్వమని మిగతా ఉపాధ్యాయులకు నేను చెప్పాను, మీరు కూడా ఒక మాట చెబితే బలంగా ఉంటుంది.

తల్లి పనికి వెళ్ళే ముందు, ఉదయం ఎనిమిదిన్నరకు, మీ సమక్షంలో ఒక సమావేశం ఏర్పాటు చేయగలరు. పగలు రమ్మంటే మళ్ళీ నాయనమ్మ గారే వస్తారు, పాపం ఆమె చేతిలో ఏమీ లేదు. నాలుగు వారాల పాటు ప్రతి పీరియడ్‌కూ ఉపాధ్యాయుడు ఒక వాక్యం రాసే ప్రవర్తన పత్రం పెడదాం. అందులో బాగున్న పీరియడ్ కూడా రాయాలి.

నంబరు 12, నంబరు 31 తల్లిదండ్రులు ఇతడికి టీసీ ఇచ్చి పంపేయమని నన్ను అడిగారు. వారి బాధ న్యాయమైనదే. అయితే విద్యాహక్కు చట్టం, 2009లోని 16వ సెక్షన్ ప్రకారం ప్రాథమిక విద్య, అంటే 8వ తరగతి, పూర్తయ్యేదాకా పిల్లవాడిని బడి నుంచి తీసివేయడానికి వీల్లేదు. 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది. జూలై 24న నేను అన్న మాట ఈ రెండో కోవలోకే వస్తుందేమోనని ఇక్కడే చెప్పుకుంటున్నాను. ‘ఏ’ సెక్షన్‌కు మార్చాలన్న సూచన కూడా స్టాఫ్ గదిలో వినిపించింది. దానికి నేను అనుకూలం కాను. ఇతడి నోట్‌బుక్ ఎందుకు ఖాళీగా ఉందో తెలియని మరో ఉపాధ్యాయురాలు మళ్ళీ జూలై 8 నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

సెప్టెంబరు 20న తదుపరి నివేదిక సమర్పిస్తాను.

జతపరచినవి: తరగతి డైరీ పేజీల నకళ్ళు, సాంఘిక ఉపాధ్యాయుడు రాసి ఇచ్చిన చీటీ, జూలై 25 నాటి విద్యార్థి డైరీ పేజీ నకలు, ఆగస్టు 9 నాటి జవాబు పత్రం (మడతలతో సహా), ఈ రోజు మొదటి పీరియడ్ నోట్‌బుక్ పేజీ నకలు.

ఇట్లు,
భవదీయురాలు,
తరగతి ఉపాధ్యాయిని, 8వ తరగతి ‘బి’ సెక్షన్.