మొదటి దోసె నాకు

పల్లవి

ఉప్పెంతమ్మా అంటే చిటికెడంటావు
చిటికెడెంతమ్మా అంటే చేతికి తెలుసంటావు
నీ చేతికున్న కొలత నా చేతికి రాలేదమ్మా
ఫోన్లోనే చారు కాస్తున్నా, పెట్టేయకమ్మా
పొంగొచ్చేదాకా ఉండమ్మా

చరణం 1

బెంగళూరు మారతహళ్లి చలికి రుబ్బిన పిండి పొంగదు
ఎదురు మేడ అడ్డమై ఎండ లోపలికి రాదు
"గిన్నెకు దుప్పటి చుట్టరా, పసిబిడ్డనుకో" అన్నావు
ఉన్నదొక్కటే దుప్పటి, దానికే కప్పి పడుకున్నా
తెల్లారి మూత తీశానా, పుల్లపుల్లని వాసన
అనంతపురం వంటిల్లే వచ్చి గట్టుమీద కూర్చున్నది

(ఉప్పెంతమ్మా అంటే చిటికెడంటావు
చిటికెడెంతమ్మా అంటే నవ్వేస్తావు)

చరణం 2

సగం కోసిన ఉల్లిగడ్డతో పెనం రుద్దేదానివి
చుయ్యిమనేలా నీళ్లు చిలికి పిండి తిప్పేదానివి
మొదటి దోసె అంటుకునేది, అంచు తెగి వచ్చేది
అట్లకాడతో గీకి గీకితే నీ కంచంలో పడేది
గుండ్రంది నాకు, కరకరలాడేది చెల్లికి
మెత్తంది నాన్నకి
చిరిగిందే నీకు ఇష్టమన్నావు, నమ్మేశా
ఇరవై ఏళ్లు నమ్మేశా
(లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్నవాణ్ణి, చూడు!)
నీ కంచంలోకి ఒక్కసారి తొంగి చూడలేదమ్మా

చరణం 3

రాత్రి బస్సుకు పంపావు, తెల్లారి మెజెస్టిక్‌లో దిగింది
చెనక్కాయల పొడి డబ్బా, ఊరగాయ జాడీ
జాడీకి వాసెన కట్టిన గుడ్డ
ఎక్కడో చూసినట్టుంది
కనకాంబరం రంగు, అంచున సన్న జరీ
సంగటి తిన్నాక నా మూతి తుడిచిన కొంగు కదా అది!
ముడి విప్పి మడిచి పెట్టా, నూనె మరక అలాగే ఉంది
ఊరగాయ ఉగాదికే అయిపోయింది
గుడ్డ ఉందమ్మా, పోపుల డబ్బా కింద

(ఉప్పెంతమ్మా అంటే చిటికెడంటావు
చేతికి తెలుసంటావు)

చివరి చరణం (నెమ్మదిగా, తాళం లేకుండా మొదలు)

కార్తీకం చివరి సోమవారం బసవనగుడిలో పరిషె
వీధి పొడుగునా చెనక్కాయలే
మన చేను లేచి నడిచొచ్చినట్టే
రామ్మా, రెండ్రోజులు ముందే రా
నాన్నకి చారు చెల్లి పెడుతుందిలే, రా

పెనం కొత్తది, ఇంకా నా మాట వినదు
స్టూలు వేశా, కూర్చో
అట్లకాడ ముట్టుకోకు, గిన్నెలు కడగకు
చెయ్యి ఊరుకోదని తెలుసు, కొత్తిమీర తుంచు
మొదటిది చిరుగుతుంది, అది నాకు
రెండోది...
ఉండు, ఉల్లిగడ్డ రుద్దనీ
రెండోది నీకమ్మా
వేడిది, గుండ్రంది, నీకమ్మా