శ్రావ్యకు, సారాంశాల గురించి

శ్రావ్యా,

నువ్వు పంపిన నాలుగు సారాంశాలూ చదివాను. చేతిరాత బాగుంది, టైముకి పంపావు. కానీ వాటిలో నీ వాక్యం ఒక్కటి కూడా లేదమ్మా. పక్కన టెక్స్ట్‌బుక్ పెట్టుకుని చూస్తే మక్కీకి మక్కీ దించినట్టే ఉంది. అక్కడక్కడ ఒక వాక్యం వదిలేశావు, 'అనేక'ను 'చాలా' చేశావు, 'తటాకాల'ను 'చెరువులు' చేశావు. మాటలు మార్చినంత మాత్రాన సారాంశం అయిపోదు. నిన్ను తిట్టడానికి చెప్పట్లేదు, టెన్షన్ పడకు. ఎక్కడ తేడా వస్తోందో కాకతీయుల చెరువుల పేరా పట్టుకుని చూపిస్తాను.

ఆ పేరాలో ఉన్నవి ఇవి. రాజులు, సామంతులు, సేనానులు చెరువులు కట్టించారు. గణపతిదేవుడి పాలన 1199 నుంచి 1262 దాకా. పాకాల, రామప్ప ఆ కాలపు పెద్ద చెరువులు. మన నేల ఎత్తుపల్లాల పీఠభూమి కాబట్టి వాన నీరు నిలవకుండా పారిపోతుంది. ఒక చెరువు నిండితే అలుగు మీంచి పొర్లిన నీరు కింది చెరువుకు చేరుతుంది. దాన్నే గొలుసుకట్టు అంటారు.

నువ్వు మొదటి మూడూ ఎత్తి రాశావు, చివరిది రాశావు. నేల వాలు గురించిన వాక్యం మాత్రం కొట్టేశావు. ఆ పేరాకి ప్రాణం అదే! అది లేకపోతే ఒక పెద్ద చెరువు కట్టకుండా ఇన్ని చెరువులు వరసగా ఎందుకు కట్టారో చదివేవాళ్లకి అర్థం కాదు. పుస్తకంలో వాక్యాలన్నీ ఒకే గొంతుతో ఉంటాయి, ఏది కారణమో ఏది ఉదాహరణో పైకి కనబడదు. చూస్తూ దించేటప్పుడు అసలే కనబడదు.

అందుకని ముందు రాయొద్దు. పేరా రెండుసార్లు చదువు, పుస్తకం మూసెయ్. నిజంగా మూసెయ్, వేలు పెట్టి ఉంచుకోవద్దు. తర్వాత మీ తమ్ముడికి చెప్తున్నట్టు పైకి చెప్పు: ఏం చేశారు, ఎందుకు చేశారు? మీది నర్సంపేట వైపే కదా. మీ బాపునడుగు, "మత్తడి దుంకితే కింది చెరువు నిండుతది" అని ఒక్క ముక్కలో చెప్పేస్తాడు. పుస్తకం రెండు లైన్లు తీసుకున్న విషయమే అది. అలా నోటితో వచ్చినదాన్ని కాస్త రాతభాషలోకి సర్దుకుంటే చాలు. నేనైతే ఇలా రాస్తాను:

"తెలంగాణ నేల వాలుగా ఉండటంతో వాన నీరు నిలవదు. అందుకే కాకతీయుల కాలంలో రాజులు, సామంతులు పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండేలా గొలుసుకట్టు చెరువులు కట్టించారు."

పుస్తకంలో చివర్లో ఎక్కడో ఉన్న కారణం ఇక్కడ ముందుకొచ్చింది చూడు. వరస మార్చుకునే స్వేచ్ఛ నీకుంది, దాన్ని వాడుకో. పుస్తకం వరసలోనే వెళ్తే దాని వాక్యాలే నోట్లోకి వస్తాయి. సేనానుల్ని వదిలేశాను, సామంతులు అంటే సరిపోతుందనిపించింది. పాకాల, రామప్ప కూడా తీసేశాను, అవి ఉదాహరణలు కాబట్టి. ప్రశ్న 'గణపతిదేవుడి కాలపు నీటి వనరులు' అని వస్తే మాత్రం ఆ పేర్లే ముఖ్యం, అప్పుడు వాలు సంగతి సగం వాక్యంలో సరిపెట్టొచ్చు. ఏది ఉంచాలో ప్రశ్న చెప్తుంది.

ఇంకొకటి. కొన్ని మాటలు మార్చకూడదు. అలుగు, తూము, గొలుసుకట్టు, సామంతులు, పేర్లు, సంవత్సరాలు ఉన్నవి ఉన్నట్టే రాయాలి. రెండో సారాంశంలో తూముని 'నీటి ద్వారం' అన్నావు, అది అక్కర్లేదు. కాపీ కాకూడదన్న భయంతో పారిభాషిక పదాల్ని మార్చి, వాక్యాన్నేమో పుస్తకంలో ఉన్నట్టే ఉంచుతున్నావు. చేయాల్సింది దానికి సరిగ్గా తిరగేసి.

రాశాక పుస్తకం తెరిచి పోల్చు. వరసగా నాలుగైదు మాటలు పుస్తకంలోవే కనబడితే ఆ వాక్యం మళ్లీ నోటితో చెప్పి రాయి. తప్పు సంవత్సరం పడిందేమో కూడా అప్పుడే చూసుకో. మొదట్లో ఒక పేరాకి అరగంట పడుతుంది, కంగారుపడకు. ఇంటర్నల్స్‌కి ఇంకా టైముంది.

పాత నాలుగూ తిరిగి రాయాల్సిన పని లేదు. మోటుపల్లి అభయ శాసనం పేరా ఒక్కటి చెయ్. 1244 నాటి శాసనం అది. ఓడ మునిగితే ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకంతా అంతకుముందు రాజులు స్వాధీనం చేసుకునేవారు, గణపతిదేవుడు సుంకం మాత్రమే తీసుకుంటానని వర్తకులకు మాటిచ్చాడు. ఆ మాట ఎందుకు ఇవ్వాల్సి వచ్చిందో నీ సారాంశంలో మొదటి వాక్యం కావాలి. మూడు వాక్యాలు దాటొద్దు. శనివారం రాత్రిలోగా ఫోటో తీసి పంపు, ఆదివారం క్లాసులో బోర్డు మీద రాసి చూద్దాం.