పాల బిల్లుల సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు: స్వతంత్ర సమీక్ష నివేదిక

తేదీ: 2025 జూన్ 4
ఎవరికి: పాలకవర్గం ఆడిట్ ఉపసంఘం అధ్యక్షులకు, సభ్యులకు
సమీక్ష జరిగిన రోజులు: 2025 మే 26 నుంచి 30 వరకు

మా నిర్ణయం: ఎరుపు

జూలై 1న 212 పాలసేకరణ కేంద్రాల్లోనూ కొత్త సాఫ్ట్‌వేర్‌తో బిల్లులు ఇవ్వవద్దు. ఇప్పుడున్న స్థితిలో మొదలుపెడితే కొందరు రైతులకు తక్కువ డబ్బు పడుతుంది, కొందరికి అసలు పడదు. ప్రాజెక్టును ఆపేయమని మేము అనడం లేదు. కింద చెప్పిన పనులు పూర్తయితే ఆగస్టు 1 నుంచి మొదలుపెట్టవచ్చు.

ఎరుపు అంటే వెంటనే జోక్యం చేసుకోకపోతే అనుకున్న ఫలితం రాదని. పసుపు అంటే ఇబ్బందులున్నా ప్రాజెక్టు టీమే సరిదిద్దుకోగలదని. ఆకుపచ్చ అంటే పని సవ్యంగా సాగుతోందని.

ఎలా చూశాం

సమీక్షకులం ఇద్దరం. ఈ ప్రాజెక్టులో గానీ, సాఫ్ట్‌వేర్ కంపెనీతో గానీ మాకు ఏ సంబంధమూ లేదు. మా ఫీజుకు, మేమిచ్చే రంగుకు ముడి లేదు. 19 మందితో విడివిడిగా మాట్లాడాం. ఎవరు ఏం చెప్పారో పేరు పెట్టి ఈ నివేదికలో రాయలేదు, అడిగినా చెప్పం. ఆ హామీ ఉండబట్టే చాలామంది మనసు విప్పారు. నోటిమాటను మాత్రమే నమ్మి ఏదీ రాయలేదు. ప్రతి అంశానికీ ఒక కాగితమో, స్క్రీనో, మేము కళ్లారా చూసిన పనో ఆధారంగా ఉంది.

అందరినీ అడిగిన ప్రశ్నలు ఇవి. ఈ ప్రాజెక్టు ఎందుకు మొదలైంది, ఆ కారణం ఇప్పటికీ ఉందా? ఇద్దరు రెండు రకాలుగా చెబితే చివరి మాట ఎవరిది? పని ఎంతయిందో ఎలా లెక్క కడుతున్నారు? పోయిన నెల మీరు చెప్పిన ఇబ్బంది ఏమైంది? మొదటి బిల్లు తప్పుగా వస్తే మర్నాడు ఏం చేస్తారు? చివరగా, మేము అడగకుండా వదిలేసింది ఏమైనా ఉందా? మాకు అన్నిటికంటే పనికొచ్చిన జవాబులు ఈ ఆఖరి ప్రశ్నకే వచ్చాయి.

1. "85 శాతం పూర్తి" అంటే ఏమిటి? (ఎరుపు)

మూడు నెలలుగా నెలవారీ నివేదికల్లో 85 శాతం పని పూర్తయినట్టు ఉంది. అది ఎలా వచ్చిందని అడిగితే, 212 కేంద్రాల్లో 180 చోట్ల యంత్రాలు బిగించారు కాబట్టి అన్నారు. ఆ 180లో కొత్త సాఫ్ట్‌వేర్‌తో నిజంగా బిల్లులు ఇస్తున్నవి 38 మాత్రమే.

ఇందులో ఎవరూ కావాలని అబద్ధం చెప్పలేదు. ఒప్పందంలో కంపెనీకి డబ్బు విడుదల చేసే మెట్లన్నీ యంత్రాల బిగింపుతోనే ముడిపడి ఉన్నాయి. రూ. 1.84 కోట్లలో రూ. 1.29 కోట్లు ఇప్పటికే చెల్లించారు. దేనికి డబ్బు వస్తుందో కంపెనీ ఆ పనే ముందు చేసింది, టీమూ దాన్నే లెక్కపెట్టింది.

చేయవలసింది: మిగిలిన చెల్లింపులను సరైన బిల్లులు ఇచ్చిన కేంద్రాల సంఖ్యకు ముడిపెట్టాలి. బాధ్యత: ఫైనాన్స్ మేనేజర్. గడువు: జూన్ 16.

2. లీటర్ల లెక్కలో తప్పు (ఎరుపు)

ఈ నివేదికలో ఒక్క పేజీయే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

గేదె పాలకు పాల యూనియన్ డబ్బు ఇచ్చేది వెన్న కిలోల లెక్కన. పాత పద్ధతిలో లీటర్లను 1.03తో గుణించి కిలోలు చేసి, దానిమీద వెన్న శాతం వేసేవారు. పాలు నీళ్ల కన్నా కాస్త బరువు కాబట్టి ఆ 1.03. కొత్త సాఫ్ట్‌వేర్ మాత్రం కాటా నుంచి వచ్చే అంకె ఎప్పుడూ కిలోలే అనుకుంటుంది. 38 కేంద్రాల్లో 27 చోట్ల కాటాను కిలోల్లోనే పెట్టారు. మిగతా 11 చోట్ల లీటర్లలో పెట్టారు.

మే 28 ఉదయం ఆ 11లో ఒక కేంద్రం దగ్గర నిలబడ్డాం. ఒక రైతమ్మ 8 లీటర్లు పోసింది. వెన్న 6.5 శాతం వచ్చింది. కిలో వెన్నకు రూ. 760 చొప్పున స్లిప్పులో రూ. 395.20 వచ్చింది. రావలసింది రూ. 407.06. ఒక్క పూటకు తేడా రూ. 11.86. రోజూ అంతే పోస్తే పది రోజుల బిల్లులో ఆమెకు రూ. 118.60 తగ్గుతుంది. ఆమె స్లిప్పు రెండుసార్లు తిప్పి చూసుకుని, "ఈ మధ్య ఎందుకో కలిసి రావట్లేదండీ" అని క్యాన్ తీసుకుని వెళ్లిపోయింది.

డబ్బు తగ్గిందని ఈ 11 కేంద్రాల నుంచి 23 ఫిర్యాదులు రిజిస్టర్‌లో ఉన్నాయి. అన్నిటినీ "శిక్షణ సమస్య" అని రాసి మూసేశారు. రైతులు మొదటి నుంచీ నిజమే చెబుతున్నారు. ఒక్క ఫిర్యాదును కాల్క్యులేటర్‌తో సరిచూసినా మార్చిలోనే ఇది బయటపడేది.

చేయవలసింది: లీటర్లలో ఉన్న 11 కాటాలను కిలోలకు మార్చి, మొత్తం 38 కాటాలకూ సీలు వేసి, ఫొటోతో నమోదు చేయాలి. ఆ 11 కేంద్రాల్లో మొదటి రోజు నుంచి తగ్గిన మొత్తాన్ని లెక్కగట్టి రైతులకు తర్వాతి బిల్లులోనే కలిపి ఇవ్వాలి. ఎందుకు ఇస్తున్నామో స్లిప్పు మీద తెలుగులో రాయాలి. బాధ్యత: ప్రాజెక్టు మేనేజర్, పాలసేకరణ మేనేజర్. గడువు: కాటాలకు జూన్ 10, డబ్బుకు జూన్ 20.

3. బ్యాంకు ఖాతాల వివరాలు (ఎరుపు)

ఇన్నాళ్లూ కేంద్రం కార్యదర్శి చేతుల మీదుగా ఇచ్చిన డబ్బు ఇకపై నేరుగా ఖాతాలో పడుతుంది. మంచి మార్పే. అయితే ఆ ఖాతాల వివరాలు 2019లో సేకరించినవి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది. మేము తీసిన 200 మంది రైతుల వివరాల్లో 31 మందికి ఇంకా `ANDB`తో మొదలయ్యే పాత బ్యాంకు కోడే ఉంది, దానికి పంపితే డబ్బు చేరదు. మరో 9 మంది రెండేసి నంబర్లతో నమోదయ్యారు. అందువల్ల దాణా బాకీ ఒక నంబర్‌లో, పాల డబ్బు మరో నంబర్‌లో కనిపిస్తున్నాయి.

చేయవలసింది: ప్రతి రైతు పాస్‌బుక్ చూసి వివరాలు సరిచేసి, ఒక్కో ఖాతాకు రూపాయి పంపి చేరిందో లేదో చూడాలి. బాధ్యత: పాలసేకరణ మేనేజర్. గడువు: జూలై 10.

4. నిర్ణయాలు ఎవరివి? (పసుపు)

స్టీరింగ్ కమిటీ చివరిసారి జనవరిలో కూర్చుంది. ఫిబ్రవరిలో ఎండీ మారాక ప్రాజెక్టు బాధ్యతను కొత్తవారికి కాగితం మీద అప్పగించలేదు. ఈలోగా 14 మార్పులకు వాట్సాప్ గ్రూపులోనే సరే అనేశారు. జూన్ 12లోగా కమిటీ సమావేశమై, ఎండీ పేరు మీద బాధ్యత రాసి, ఆ 14 మార్పులనూ మళ్లీ చూడాలి.

5. శిక్షణ (ఆకుపచ్చ)

కార్యదర్శులకు శిక్షణ చాలా బాగా జరిగింది. మేము వెళ్లిన ఆరు కేంద్రాల్లోనూ కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో తడుముకోకుండా చేసి చూపించారు. ఈ శిక్షణ ఇచ్చిన సూపర్‌వైజర్లను తర్వాతి దశలోనూ కొనసాగించండి.

ఆగస్టు 1కి షరతు

జూలై 1–10, 11–20 బిల్లులను 38 కేంద్రాల్లో పాత, కొత్త పద్ధతుల్లో పక్కపక్కనే వేయాలి. రెండు బిల్లుల్లోనూ ప్రతి రైతుకూ తేడా రూపాయిలోపే ఉండాలి. డబ్బు మాత్రం పాత లెక్క ప్రకారమే ఇవ్వాలి. జూలై 24న ఆ ఫలితాలు చూసి కమిటీ నిర్ణయం తీసుకోవాలి. లెక్క కుదరకపోతే తేదీ మళ్లీ జరపాలి.

ముసాయిదాపై స్పందన

ముసాయిదాను జూన్ 2న ప్రాజెక్టు మేనేజర్‌కు ఇచ్చి, వాస్తవాల్లో తప్పులుంటే రెండు రోజుల్లో చెప్పమన్నాం. ఆయన రెండు అంకెలు సరిచేశారు, మార్చాం. 1వ అంశానికి ఎరుపు ఎక్కువని, పసుపు చాలని ఆయన అభిప్రాయం. దాన్ని ఇక్కడ నమోదు చేస్తున్నాం. 38 కేంద్రాల అంకె మారలేదు కాబట్టి రంగు మార్చలేదు.

ఎండీ ప్రతి అంశానికీ లిఖిత జవాబును జూన్ 11లోగా ఉపసంఘానికి ఇవ్వాలి. మేము జూలై 22న మళ్లీ వచ్చి, ముందుగా ఆ 11 కేంద్రాల స్లిప్పులు చూస్తాం.