తెలుగు పోయింది అన్నయ్యా!

అన్నయ్యా, గవర్నర్‌పేట షాపు నుంచి. మన సిస్టమ్‌లో తెలుగు పోయింది. ఏ ఫైలు తీసినా పిచ్చిపిచ్చిగా వస్తోంది. రాత్రి షాపు కట్టేసేటప్పుడు బాగానే ఉంది. నేనేమీ ముట్టుకోలేదు. మూడుసార్లు రీస్టార్ట్ చేశాను. సాయంత్రం ఆరింటికి పెళ్లికార్డు ప్లేటుకి పంపాలి, ఆడపెళ్లివారు ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు. టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలో త్వరగా చెప్పు.

---

చెల్లెమ్మా, కంగారుపడకు. తెరిచిన ఫైళ్లు సేవ్ చేయకుండా మూసెయ్. మళ్లీ ఫాంట్లు ఎక్కించడం లాంటివి కూడా ఇప్పుడే వద్దు.

“పిచ్చిపిచ్చిగా” అంటే ఎలా? అన్నిటికంటే ఇదే ముఖ్యం. శుభలేఖ అన్నచోట ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసి వస్తున్నాయా? అయితే మన పాత డీటీపీ ఫాంటు కనబడక వేరే ఫాంటు దూరింది, మ్యాటర్ భద్రంగానే ఉంది. ఖాళీ డబ్బాలు వస్తుంటే యూనికోడ్ తెలుగుకి ఫాంటు దొరకడం లేదు. అన్నీ ప్రశ్నార్థకాలే అయితే మాత్రం ఆ ఫైల్లో అక్షరాలే పోయి ఉండొచ్చు, బ్యాకప్ వెతకాలి. మాటల్లో వద్దు, స్క్రీన్ ఫొటో తీసి పంపు.

తర్వాత విండోస్ కీ, R కలిపి నొక్కి ఇది కొట్టు:

```
winver
```

వచ్చిన పెట్టెలో వెర్షన్, బిల్డ్ నంబర్లు ఉంటాయి. అదీ ఫొటో తియ్. కార్డు ఏ సాఫ్ట్‌వేర్‌లో చేశావు, దాని వెర్షన్ ఎంత? Help మెనూలో About నొక్కితే కనిపిస్తుంది. ఫాంటు పేరు కూడా చెప్పు. అదే పీసీలో నోట్‌ప్యాడ్ తెరిచి తెలుగు టైప్ చేస్తే సరిగా పడుతోందా? పక్క సిస్టమ్‌లో అదే ఫైలు ఎలా వస్తోంది?

నువ్వు ముట్టుకోలేదంటే నమ్ముతాను. కానీ నువ్వు వెళ్లాక ఇంకెవరైనా కూర్చున్నారా? సి డ్రైవ్ నిండిందని ఎవరైనా చెత్త క్లీన్ చేశారా? పొద్దున ఆన్ చేసినప్పుడు “అప్‌డేట్ అవుతోంది, ఆపకండి” అని కాసేపు తిరిగిందా? పోయినసారి కూడా ఏమీ చేయలేదన్నారు, తీరా చూస్తే కుర్రాడు కొత్త యాంటీవైరస్ వేశాడు. గుర్తు లేకపోతే ఇది కొట్టు, ఏ రోజు ఏది ఎక్కిందో, ఏది తీసేశారో తేదీలవారీగా చూపిస్తుంది:

```
perfmon /rel
```

ఇంకొకటి. ప్రూఫ్ కోసం పెళ్లివారికి వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపావా? దాంట్లో సాధారణంగా ఫాంటు లోపలే ఉంటుంది. ఆ తర్వాత మార్పులేమీ చెప్పకపోయి ఉంటే, కొలతలు, క్వాలిటీ ఓసారి చూసుకుని ప్లేటుకి అదే పంపొచ్చు. ముందు అది వెతుకు. మిగతావాటికి జవాబులు పెట్టేలోపు నేను బెంజ్ సర్కిల్ దాటేస్తాను.