కృష్ణ ఒడ్డు నుంచి బందరు రోడ్డు దాకా: విజయవాడ వారసత్వ నడక, గైడు పాఠం

కార్తీక మాసంలో ఆదివారం ఉదయం 6:00 నుంచి 8:15 వరకు జరిగే నడక. 24 మంది సందర్శకులు, ముందు గైడు, వెనుక ఎర్ర కండువా వేసుకున్న సహాయకుడు. గైడు పలకవలసిన మాటలు మామూలుగా, జనాన్ని నడిపే సూచనలు చతురస్ర కుండలీకరణాల్లో ఉన్నాయి.

6:00 – 6:25. ప్రకాశం బ్యారేజీ, విజయవాడ వైపు కాలిబాట

[అందరినీ ఎగువ వైపు కాలిబాట మీదే, గోడకు ఆనుకుని రెండు వరుసల్లో నిలపండి. ద్విచక్ర వాహనాలు వంతెన మీద తెల్లవారక ముందే మొదలవుతాయి. పోయిన నెల ఒకరు ఫోటో బాగా రావాలని వెనక్కి ఒక్క అడుగు వేసి రోడ్డు మీదికి వచ్చేశారు. కనుక కథ మొదలుపెట్టే ముందే ఈ మాట చెప్పాలి.]

నమస్కారమండీ. ఈ ఒడ్డున ఇంద్రకీలాద్రి, అవతలి ఒడ్డున సీతానగరం కొండ, ఈ రెండింటి నడుమ ఇరుకైన చోటు గుండా పారుతున్నది కృష్ణమ్మ. ఈ ఇరుకే ఊరికి పుట్టుక అని నా నమ్మకం. నదికి కొండ అడ్డు వచ్చినప్పుడు కృష్ణమ్మ దారి అడిగిందనీ, కొండకు బెజ్జం వేసి సాగిపోయిందనీ, బెజ్జంవాడ కాస్తా బెజవాడ అయిందనీ మన పెద్దలు చెబుతారు. భాషావేత్తలు దీన్ని ఒప్పుకోనక్కర లేదు, కానీ ఇక్కడ నిలబడి ఆ రెండు కొండలను చూసినవాడికి ఈ కథ ఎందుకు పుట్టిందో వెంటనే అర్థమవుతుంది.

ఇంజనీర్లు కూడా ఈ ఇరుకునే చూశారు. 1832–33లో గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టిన డొక్కల కరువు తరువాత, పక్కనే ఇంత నీరు సముద్రంలోకి పోతూ ఉంటే తీరప్రాంత జనం ఎందుకు చచ్చిపోవాలన్న ప్రశ్న మొదలైంది. సర్ ఆర్థర్ కాటన్ పట్టుదలతో 1852లో మొదలైన ఆనకట్ట 1855లో పూర్తయింది. దాదాపు వందేళ్లు డెల్టాకు అన్నం పెట్టిన ఆ ఆనకట్ట 1952లో తెగిపోయింది. దాని స్థానంలో 1957లో పూర్తయిన ఈ కట్టడానికి, ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి, అదే సంవత్సరం మే నెలలో కన్నుమూసిన టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు.

[ఇక్కడ రెండు నిమిషాలు ఆగి, అందరినీ గేట్ల వైపు తిరగనివ్వండి. 6:15 ప్రాంతంలో సూర్యోదయం అవుతుంది కాబట్టి ఆ రెండు నిమిషాల్లో ఏమీ మాట్లాడవద్దు.]

సుమారు 1,223 మీటర్ల పొడవు, 70 గేట్లు, సుమారు 13 లక్షల ఎకరాల డెల్టా ఆయకట్టు. ఒక గేటును దగ్గరగా చూడండి. మందమైన ఇనుప పలక అడుగున సన్నని జలధార తెల్లగా పొర్లుతుంటుంది, దాని పక్కనే గ్రీజు పూసిన తాళ్లు బిగుసుకుని ఉంటాయి. 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షల క్యూసెక్కుల వరద ఈ గేట్ల గుండానే దాటింది. కొట్టుకొచ్చిన బోట్లు, గేట్లు ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మెలైన కౌంటర్ వెయిట్లను దెబ్బతీశాయి. ఊళ్లో బుడమేరు వాగు ముంచిన వీధులను కళ్లారా చూసినవారు మీలో ఉండవచ్చు. వారు ఈ నీటిని చూసే చూపు వేరు.

[6:25కి కదలండి. ముందు గైడు, ఇద్దరిద్దరుగా ఒకే వరుస. వంతెన దిగాక సహాయకుడు లెక్క చెబుతాడు. 24 అని వినిపించాకే ముందుకు సాగాలి.]

6:40 – 7:00. దుర్గ ఘాట్ దగ్గర, మెట్లకు దూరంగా

[కార్తీక స్నానాలకు వచ్చిన భక్తులతో మెట్లన్నీ నిండి ఉంటాయి. మన గుంపు వారి దారికి అడ్డం నిలవకూడదు. మెట్లు దిగకుండా, పైన చదునుగా ఉన్న చోట అర్ధచంద్రాకారంలో నిలబడాలి. స్నానం చేస్తున్నవారి ఫోటోలు తీయవద్దని నేరుగా చెప్పండి. కొండ మీదికి ఈ రోజు వెళ్లడం లేదు.]

పాశుపతాస్త్రం కోసం అర్జునుడు ఈ కొండ మీదే తపస్సు చేశాడనీ, కిరాతుని రూపంలో వచ్చిన శివునితో పోరాడాడనీ స్థలపురాణం. కానీ నాకు ఈ కొండ ఎందుకు ప్రాణమో చెబుతాను. మల్లేశ్వరస్వామి ఆలయంలోని ఒక శిలాస్తంభం మీద వేంగీ చాళుక్యుడైన యుద్ధమల్లుని శాసనం ఉంది. మధ్యాక్కరలనే ఛందస్సులో చెక్కిన తెలుగు పద్యాలు అవి. నన్నయకు ముందే తెలుగులో పద్యం ఎంత నిలదొక్కుకుని ఉందో చెప్పే సాక్ష్యాలలో ఇది మేటి. కుమారస్వామికి ఆ రాజు కట్టించిన గుడిని గురించి ఆ పద్యాలు చెబుతాయి.

[సంచిలోంచి శాసనం అచ్చు ప్రతిని తీసి, ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందించండి.]

అక్షరాలు ఎలా తెస్తారో చెబుతాను. రాతిని కడిగి, తడి కాగితం పరిచి, కుంచెతో మెత్తగా కొడితే కాగితం చెక్కిన గుంటల్లోకి దిగుతుంది. అప్పుడు పైన సిరా అద్దితే గుంటలు తెల్లగా, రాయి నల్లగా నిలుస్తాయి. ఈ తెల్లని గీతల్లో ఒక్కో అక్షరాన్నీ వేలితో వెంబడించి చూడండి. కొన్ని మన అక్షరాలే అని పోల్చుకోగలుగుతారు.

[ప్రతి తిరిగి చేతికి రాకుండా కదలవద్దు.]

7:10 – 7:25. అక్కన్న మాదన్న గుహలు

[గుహ ముందు స్థలం చిన్నది. పన్నెండు మంది చొప్పున రెండు విడతలుగా లోపలికి పంపండి. బయట ఉన్నవారికి ఈ కథ, లోపలివారికి మౌనం.]

గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా దగ్గర మంత్రులుగా ఉన్న సోదరులు అక్కన్న, మాదన్నలు. భద్రాచలం రామదాసుగా మనం కొలిచే గోపన్న వారి మేనల్లుడు. వారు ఇక్కడ కూర్చుని కచేరీ చేశారని ప్రతీతి. అయితే ఈ గుహలు వారికంటే వేయి సంవత్సరాలు పెద్దవి, క్రీస్తు శకం ఆరు, ఏడు శతాబ్దాల నాటివి. స్తంభాలను రాతిలోనే వదిలేసి చుట్టూ తొలిచారు. లోపల చేతితో తాకకుండా వంగి చూస్తే ఉలి దెబ్బలు కనిపిస్తాయి. తొలిచినవారి పేర్లు ఊరికి గుర్తు లేవు. ఆదరించిన మంత్రుల పేర్లు గుర్తున్నాయి.

7:40 – 7:45. కాళేశ్వరరావు మార్కెట్

[బయటే నిలవాలి, లోపలికి వెళితే గుంపు చీలిపోతుంది.] ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలి స్పీకరు అయ్యదేవర కాళేశ్వరరావు గారి పేరు ఇది. ఈ వన్ టౌన్‌లో పొద్దున్నే కూరగాయల బుట్టలతో పోయేవారికి దారి ఇచ్చి నిలబడండి.

[ఇక్కడి నుంచి వ్యాన్ల మీద. ఎక్కేటప్పుడు మళ్లీ 24.]

7:55 – 8:15. బాపూ మ్యూజియం, బందరు రోడ్డు

[గేటు తెరవక ముందే వస్తాము కాబట్టి, ప్రహరీకి ఆనుకుని నీడలో నిలపండి.]

విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవానికి 1887లో కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ సీవెల్ చేతుల మీదుగా శంకుస్థాపన జరిగిన భవనం ఇది. రాణి పేరిట కట్టిన చోటే రాణి సామ్రాజ్యాన్ని సవాలు చేసిన ఊరికి గుర్తు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో కూడింది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు, ఇవీ అక్కడి తీర్మానాలు. ఆ రోజుల్లోనే, కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య గారు ఎరుపు, ఆకుపచ్చ రంగుల పతాకం నమూనాను గాంధీజీకి అందించారు. రాట్నం ఉండాలన్నది జలంధరుకు చెందిన లాలా హంసరాజ్ సూచన. తెల్లని పట్టీ చేర్చమన్నది గాంధీజీ. 1931లో కాషాయం వచ్చింది, 1947 జులై 22న రాట్నం స్థానంలో అశోకచక్రం నిలిచింది.

[లోపల అల్లూరు బుద్ధ విగ్రహం ఉందని చెప్పి, తెరిచే వేళకు మళ్లీ రమ్మనండి. శాసనం ప్రతిని సంచిలో పెట్టుకున్నారో లేదో చూసుకుని, చివరిసారి 24 లెక్కించి, బస్టాండుకు వెళ్లేవారిని సహాయకుడి వెంట పంపండి.]